ఆరు నెలలకోసారి వడ్డీ ఇచ్చే బాండ్: ధర కట్టడం, వైటీఎం తేల్చడం

భారత ప్రభుత్వ బాండ్లలో చాలావరకు ఏడాదికి రెండుసార్లు వడ్డీ ఇస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రిజర్వు బ్యాంకు ద్వారా వేలం వేసే రాష్ట్ర బాండ్లదీ అదే పద్ధతి. కానీ యీల్డ్‌ను అంటే పెట్టిన ధర మీద దక్కే రాబడి రేటును మాత్రం ఏడాది లెక్కలో చెబుతారు. లెక్కలు తప్పేది సాధారణంగా ఈ రెండింటి మధ్యే. అందుకే ఈ వ్యాసంలో ఒక్క నియమం పట్టుకుని పోదాం. లెక్క మొదలు నుంచి చివరి దాకా ఆరు నెలల్ని ఒక కాలంగా తీసుకోవాలి, ఏడాది అంకెను చిట్టచివర మాత్రమే రాయాలి.

ఉదాహరణకు ఒక నిజమైన బాండ్ తీసుకుందాం. దాని పేరు "7.06% GS 2028". GS అంటే ప్రభుత్వ సెక్యూరిటీ. 2028 ఏప్రిల్ 10న అసలు తిరిగి వస్తుంది. వడ్డీ ఏటా ఏప్రిల్ 10న, అక్టోబరు 10న పడుతుంది. ఇక్కడ వాడే ధరలు, యీల్డ్‌లు మాత్రం లెక్క కోసం అనుకున్నవే. ఆ రోజు మార్కెట్ ధర ఇదేనని కాదు.

మొదటి మెట్టు: డబ్బు ఎప్పుడెప్పుడు వస్తుందో రాసుకోవడం

బాండ్ ధరను ఎప్పుడూ 100 రూపాయల ముఖ విలువకు చెబుతారు. మన బాండ్ కూపన్, అంటే ముఖ విలువ మీద ఇచ్చే వడ్డీ, 7.06 శాతం కాబట్టి ఏడాదికి 7.06 రూపాయలు, అంటే ఆరు నెలలకు 3.53 రూపాయలు వస్తాయి. నెలలో 30 రోజులున్నా 31 ఉన్నా, లీపు సంవత్సరమైనా ఈ 3.53 మారదు.

2026 ఏప్రిల్ 10న, ఆ రోజు పడాల్సిన వడ్డీ పాత యజమాని తీసేసుకున్నాక, మీరు కొన్నారనుకుందాం. ఇక మీకు రావాల్సినవి నాలుగు చెల్లింపులు. 2026 అక్టోబరులో 3.53, 2027 ఏప్రిల్‌లో 3.53, 2027 అక్టోబరులో 3.53, 2028 ఏప్రిల్‌లో 3.53తో పాటు అసలు 100 కలిపి 103.53. ఈ నాలుగు వరుసలు కాగితం మీద పెట్టుకోకుండా సూత్రంలోకి దూకితే కాలాల సంఖ్య దగ్గరే పొరపాటు జరుగుతుంది. రెండేళ్లు అనగానే చెయ్యి 2 అని రాసేస్తుంది. ఇక్కడ కావాల్సింది 4.

రెండో మెట్టు: యీల్డ్ తెలిస్తే ధర

ఇలాంటి బాండ్ మీద మార్కెట్ 6 శాతం యీల్డ్ అడుగుతోందనుకుందాం. మార్కెట్ వాడుకలో దీనర్థం ఆరు నెలలకు 3 శాతం. 6ని రెండుతో భాగించారు, అంతే. ప్రతి చెల్లింపునూ ఆ 3 శాతంతో, అది ఎన్ని అర్ధసంవత్సరాల దూరంలో ఉందో అన్నిసార్లు వెనక్కి తగ్గించాలి:

```
P = 3.53/1.03 + 3.53/1.03^2 + 3.53/1.03^3 + 103.53/1.03^4
  = 3.4272 + 3.3274 + 3.2304 + 91.9851
  = 101.9701
```

అంటే 100 రూపాయల ముఖ విలువకు 101.97 రూపాయలు. కూపన్ 7.06, మార్కెట్ అడిగేది 6. కూపన్ ఎక్కువగా ఉంది కాబట్టి ధర 100 దాటింది. మొదటి పరీక్ష ఇదే. కూపన్ యీల్డ్ కన్నా ఎక్కువగా ఉండి ధర 100 లోపు వస్తే, ఎక్కడో గుర్తు తారుమారైంది.

ఇదే లెక్కను ఇంకోలా కూడా రాయొచ్చు. చేత్తో చేసేటప్పుడు నాకు నచ్చేది ఈ రెండో పద్ధతే. ధర 100 కన్నా ఎందుకు పెరిగిందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది:

```
A = (1 - 1/1.03^4) / 0.03 = 3.7171
P = 100 + (3.53 - 3.00) × A
  = 100 + 0.53 × 3.7171 = 101.9701
```

మార్కెట్ ఆరు నెలలకు 3 రూపాయలు చాలంటోంది, బాండ్ 3.53 ఇస్తోంది. ప్రతిసారీ 53 పైసలు అదనం. అలాంటి 53 పైసలు నాలుగుసార్లు వస్తాయి, వాటి నేటి విలువ 1.97 రూపాయలు. 100 మీద చెల్లించే ప్రీమియం అదే. A అంటే ప్రతి కాలానికీ ఒక్కో రూపాయి వస్తే, వాటన్నిటి నేటి విలువ.

ఇక్కడ రెండు తప్పుడు దారులున్నాయి. ఒకటి, ఏడాదికి ఒకేసారి 7.06 వస్తుందనుకుని 6 శాతంతో రెండేళ్లకు తగ్గించడం. అలా చేస్తే 101.94 వస్తుంది. వడ్డీలో సగం ఆరు నెలల ముందే చేతికొస్తుందన్న సంగతి ఆ లెక్కలో లేదు. రెండోది మరీ మోసపూరితం, ఎందుకంటే చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది. కూపన్లను సరిగ్గా సగం చేసి, 6 శాతాన్ని మాత్రం రెండుతో భాగించకుండా 1.06కి వర్గమూలం తీస్తారు. అప్పుడు ఆరు నెలల రేటు 2.9563 శాతమై, ధర 102.13 వస్తుంది. తేడా 16 పైసలే కదా అనిపిస్తుంది గానీ, 10 లక్షల ముఖ విలువ మీద అది సుమారు 1,647 రూపాయలు.

వర్గమూలం తీయడం గణితంగా తప్పేమీ కాదు. ఎవరైనా మీకు "చక్రవడ్డీ కలిపి ఏడాదికి 6 శాతం" అని చెబితే అదే సరైన దారి. కానీ ప్రభుత్వ బాండ్ల మార్కెట్‌లో చెప్పే 6 శాతం ఆ 6 శాతం కాదు. ఆరు నెలలకు 3 శాతాన్ని రెట్టింపు చేసి చెప్పిన అంకె అది. మొదటి 3 శాతం మీద మళ్లీ 3 శాతం కలిపితే ఏడాదికి నిజంగా 6.09 శాతం అవుతుంది. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌తో పోల్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. డిపాజిట్లలో సాధారణంగా మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడతారు కాబట్టి అక్కడి 6 శాతం ఏడాదికి 6.14 దాకా అవుతుంది. రెండు చోట్లా 6 అని రాసి ఉన్నా, ఆ రెండూ ఒకే 6 కావు.

మూడో మెట్టు: ధర తెలిస్తే వైటీఎం

ఇప్పుడు తిరగేద్దాం. అదే రోజు, అదే బాండ్ 102.40కి దొరుకుతోంది. యీల్డ్ టు మెచ్యూరిటీ, అంటే వైటీఎం ఎంత? రావాల్సిన నాలుగు చెల్లింపులనూ ఏ రేటుతో తగ్గిస్తే మొత్తం సరిగ్గా 102.40 అవుతుందో, ఆ రేటు కావాలి. దీన్ని నేరుగా ఇచ్చే సులువైన సూత్రం లేదు. ఒక రేటు ఊహించి, ధర కట్టి, సరిచూసుకుంటూ దగ్గరకు పోవడమే దారి. కంప్యూటర్ చేసేదీ అదే, కాకపోతే వేగంగా.

ఊహ ఎక్కడ మొదలుపెట్టాలి? 7.06ని 102.40తో భాగిస్తే 6.89 శాతం వస్తుంది. దీన్ని కరెంట్ యీల్డ్ అంటారు. 102.40 పెట్టి కొంటే చివర్లో 100 మాత్రమే తిరిగొస్తుందన్న నష్టం ఇందులో లేదు కాబట్టి మన పనికి ఇది చాలా దూరం. ఆ 2.40 నష్టాన్ని రెండేళ్లకు పంచి చూస్తే దగ్గరకొస్తాం:

```
(7.06 - 2.40/2) / ((100 + 102.40)/2)
  = 5.86 / 101.20 = 5.79%
```

ఇది అంచనాయే, సమాధానం కాదు. దీనికి అటూ ఇటూ రెండు రేట్లు తీసుకుని ధర కడదాం. ఇందాకటి రెండో పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. 5.80 శాతం దగ్గర ఆరు నెలల రేటు 2.90, A విలువ 3.7260. 5.70 శాతం దగ్గర ఆరు నెలల రేటు 2.85, A విలువ 3.7305.

```
5.80%:  100 + (3.53 - 2.90) × 3.7260 = 102.3474
5.70%:  100 + (3.53 - 2.85) × 3.7305 = 102.5367
```

మనకు కావాల్సిన 102.40 ఈ రెండింటి మధ్యలో, 5.80కి దగ్గరగా ఉంది. యీల్డ్ 0.10 శాతం తగ్గితే ధర 0.1893 పెరిగింది. మనకు 5.80 దగ్గరి ధర మీద 0.0526 పెరిగితే చాలు:

```
5.80 - 0.10 × (0.0526 / 0.1893) = 5.7722%
```

సరిచూద్దాం. ఆరు నెలల రేటు 2.8861, A విలువ 3.7272. 100 + 0.6439 × 3.7272 చేస్తే 102.40 వస్తుంది. కాబట్టి వైటీఎం 5.7722 శాతం. ప్రభుత్వ బాండ్ల యీల్డ్‌ను నాలుగు దశాంశాల దాకా చెప్పడం వాడుక కాబట్టి ఇక్కడ ఆగొచ్చు.

ధరకూ యీల్డ్‌కూ ఉన్న సంబంధం నిజానికి సరళరేఖ కాదు, కొంచెం వంగి ఉంటుంది. రెండు ఊహల మధ్య దూరం 0.10 శాతమే కాబట్టి ఆ వంపు మనల్ని ఇబ్బంది పెట్టలేదు. 30 ఏళ్ల బాండ్‌కు 5 శాతం, 8 శాతం అని దూరదూరంగా ఊహించి ఒకేసారి మధ్యలో అంకె తీస్తే కచ్చితంగా తప్పుతుంది. వచ్చిన రేటుతో ధర మళ్లీ కట్టి చూడాలి. ఆ ధర మార్కెట్ ధరకు సరిపోకపోతే, ఆ కొత్త రేటు చుట్టూ ఇంకాస్త ఇరుకైన జత తీసుకుని మళ్లీ చేయాలి.

నాలుగో మెట్టు: రెండు వడ్డీ తేదీల మధ్యలో కొంటే

ఇప్పటిదాకా సరిగ్గా వడ్డీ తేదీన కొన్నట్టు అనుకున్నాం. నిజానికి అలా కుదిరేది అరుదు. కొనుగోలు సెటిల్‌మెంట్ 2026 జూన్ 10న అనుకుందాం. మార్కెట్‌లో లావాదేవీ జరిగిన మర్నాటి పనిదినాన సెటిల్‌మెంట్ అవుతుంది. లెక్కకు పట్టేది ఆ సెటిల్‌మెంట్ తేదీయే, బేరం కుదిరిన తేదీ కాదు.

ముందు రోజులు లెక్కపెట్టాలి. మన ప్రభుత్వ బాండ్లకు 30/360 పద్ధతి వాడతారు. అంటే ప్రతి నెలా 30 రోజులు, ఏడాదికి 360. ఏప్రిల్ 10 నుంచి జూన్ 10 దాకా రెండు నెలలు, అంటే 60 రోజులు. క్యాలెండర్ చూస్తే 61 ఉంటాయి గానీ ఇక్కడ వాటితో పని లేదు. ఆరు నెలల కాలం 180 రోజులు కాబట్టి గడిచింది మూడో వంతు.

ఇప్పుడు అదే 6 శాతం యీల్డ్‌తో ధర కట్టాలి. తర్వాతి చెల్లింపు మూడింట రెండొంతుల కాలం దూరంలో ఉంది, ఆ తర్వాతిది ఒకటీ మూడింట రెండొంతుల కాలం దూరంలో, ఇలా ప్రతి ఘాతాన్నీ మార్చుకుంటూ పోవచ్చు. అంత శ్రమ అక్కర్లేదు. గత వడ్డీ తేదీ నాటి ధర 101.9701 మన దగ్గరుంది. దాన్ని మూడో వంతు కాలం ముందుకు పెంచితే చాలు:

```
101.9701 × 1.03^(60/180) = 102.9797
7.06 × 60/360            =   1.1767
102.9797 - 1.1767        = 101.8030
```

మొదటి వరుసలోని 102.9797ను డర్టీ ప్రైస్ అంటారు. మీ ఖాతా నుంచి నిజంగా పోయేది ఇదే. రెండో వరుస గత రెండు నెలలకు పేరుకున్న వడ్డీ. మన మార్కెట్‌లో దీన్ని బ్రోకెన్ పీరియడ్ వడ్డీ అని కూడా అంటారు. ఆ రెండు నెలలూ బాండ్ అమ్మినవాడి చేతిలో ఉంది. కానీ అక్టోబరులో పడే పూర్తి 3.53 మీకే వస్తుంది. అందుకని అతని వాటా అతనికి ముందే ఇచ్చేస్తున్నారు. ఆ వడ్డీ తీసేస్తే మిగిలేది క్లీన్ ప్రైస్. తెర మీద కనిపించే ధర ఇదే.

ఉజ్జాయింపులను సరిచేసుకుంటే క్లీన్ ప్రైస్ 101.8031. 10 లక్షల ముఖ విలువకు 10,18,031 రూపాయలు, పేరుకున్న వడ్డీ సుమారు 11,767 రూపాయలు, మొత్తం దాదాపు 10,29,798. మొదటిసారి కొనేవాళ్లు కంగారుపడేది ఇక్కడే. ధర 101.80 అని చూసి, ఖాతాలోంచి అంతకన్నా ఎక్కువ పోవడంతో చార్జీలు వేశారనుకుంటారు. ఆ 11,767 చార్జీ కాదు, అక్టోబరు వడ్డీలో తిరిగొచ్చేదే.

ఇంకో సంగతి గమనించండి. ఏప్రిల్‌లో 101.97గా ఉన్న ధర జూన్ నాటికి 101.80కి తగ్గింది. యీల్డ్ మాత్రం 6 దగ్గరే ఉంది. అక్టోబరు 10న అదే యీల్డ్‌తో కడితే 101.50 వస్తుంది. ప్రీమియం కొద్దికొద్దిగా కరిగి, 2028 ఏప్రిల్‌కు 100కి చేరుతుంది. దీన్ని చూసి మార్కెట్ పడిందనుకోకూడదు.

మధ్య తేదీన వైటీఎం కనుక్కోవడానికి కొత్త పద్ధతేమీ లేదు. ఒక రేటు ఊహించి, పై మూడు వరుసల లెక్కా చేసి, వచ్చిన క్లీన్ ప్రైస్‌ను తెర మీది ధరతో పోల్చాలి. పోల్చేటప్పుడు క్లీన్‌ను క్లీన్‌తోనే పోల్చాలి. క్లీన్ ప్రైస్ 101.8031ని మీరు చెల్లించే మొత్తం అనుకుని యీల్డ్ కడితే 6కు బదులు 6.68 శాతం వస్తుంది. పేరుకున్న వడ్డీని ఉచితంగా వచ్చినట్టు లెక్కేసినందువల్ల ఇంత తేడా. పక్కపక్కనే ఉన్న రెండు మెచ్యూరిటీల బాండ్లలో ఒకదానికి మాత్రమే యీల్డ్ అర శాతానికి మించి ఎక్కువ కనబడితే, చవగ్గా దొరికిందని సంబరపడే ముందు ఈ పొరపాటు జరిగిందేమో చూసుకోవాలి.

ఐదో మెట్టు: స్ప్రెడ్‌షీట్‌తో సరిచూడటం

చేత్తో ఒకసారి చేశాక, రోజువారీ పనికి స్ప్రెడ్‌షీట్ చాలు. జూన్ 10 నాటి ధరకు మొదటిది, ఏప్రిల్ 10న 102.40కి కొన్నప్పటి యీల్డ్‌కు రెండోది:

```
=PRICE(DATE(2026,6,10),DATE(2028,4,10),7.06%,6%,100,2,4)
=YIELD(DATE(2026,4,10),DATE(2028,4,10),7.06%,102.40,100,2,4)
```

మొదటిది 101.8031 ఇస్తుంది, రెండోది 5.7722 శాతం. చివరి రెండు అంకెల్లో 2 అంటే ఏడాదికి రెండు కూపన్లు, 4 అంటే 30/360 లెక్క. ఆ 4 రాయకపోతే అమెరికన్ తరహా 30/360 తీసుకుంటుంది. మన తేదీలకు రెండూ ఒకటే ఇస్తాయి గానీ, నెలాఖరు తేదీలున్న బాండ్లకు తేడా రావచ్చు. `PRICE` ఇచ్చేది క్లీన్ ప్రైసే, `YIELD` అడిగేదీ క్లీన్ ప్రైసే. పేరుకున్న వడ్డీ మీరు విడిగా కలుపుకోవాలి.

కొందరు తేదీలు, డబ్బులు రెండు వరుసల్లో పెట్టి `XIRR` వాడతారు. ఇదే బాండ్‌కు, ఇదే 102.40కి అది 5.77 ఇవ్వదు, సుమారు 5.85 ఇస్తుంది. తప్పు కాదది. `XIRR` చక్రవడ్డీ కలిపిన ఏడాది రేటు చెబుతుంది, రోజులను క్యాలెండర్ ప్రకారం లెక్కపెడుతుంది. డిపాజిట్‌తో పోల్చడానికి అది పనికొస్తుంది. ఇంకో ప్రభుత్వ బాండ్ యీల్డ్ పక్కన పెట్టడానికి పనికిరాదు.

ఈ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

5.7722 మీ చేతికి రావాలంటే రెండు షరతులు నెరవేరాలి. బాండ్‌ను చివరి దాకా ఉంచుకోవాలి. మధ్యలో వచ్చే ప్రతి 3.53నూ మళ్లీ ఆరు నెలలకు 2.8861 శాతానికే పెట్టగలగాలి. రెండేళ్ల బాండ్‌లో రెండో షరతు ప్రభావం చిన్నదే, పైసల్లో తేలిపోతుంది. 30, 40 ఏళ్ల బాండ్లలో మాత్రం చివరి మొత్తంలో ఎక్కువ భాగం ఆ తిరిగి పెట్టిన వడ్డీ మీదే ఆధారపడుతుంది. పన్ను కూడా ఇందులో లేదు. వడ్డీ మీద మీ స్లాబు ప్రకారం పన్ను పడుతుంది కాబట్టి, ఎక్కువ కూపన్ ఉన్న బాండ్‌ను ప్రీమియంకు కొన్నవారికీ, తక్కువ కూపన్ ఉన్నదాన్ని డిస్కౌంట్‌లో కొన్నవారికీ వైటీఎం ఒకటే అయినా చేతికి మిగిలేది ఒకటి కాకపోవచ్చు.

వడ్డీ రేటు మారుతూ ఉండే ఫ్లోటింగ్ రేట్ బాండ్‌కు ఈ లెక్క నేరుగా పనిచేయదు, ఎందుకంటే రాబోయే కూపన్లు ఎంతో ముందే తెలియవు. గడువుకు ముందే తిరిగి చెల్లించే హక్కు జారీదారుకు ఉన్న బాండ్‌లో, చెల్లింపుల జాబితాయే మారిపోవచ్చు.

ఇక చివరి ఆరు నెలల సంగతి. ఒకే ఒక్క చెల్లింపు మిగిలినప్పుడు ఘాతాలు వదిలేసి సాధారణ వడ్డీతో తగ్గిస్తారు. 2028 జనవరి 10న, ఇంకా 90 రోజులుండగా, 6 శాతం యీల్డ్‌తో కడితే 103.53ని 1.015తో భాగించాలి. డర్టీ ప్రైస్ సరిగ్గా 102 వస్తుంది. అందులోంచి మూడు నెలలకు పేరుకున్న 1.765 తీసేస్తే క్లీన్ ప్రైస్ 100.235. పాత పద్ధతిలో ఘాతంతో చేస్తే డర్టీ ప్రైస్ 102.011 వచ్చేది. `PRICE` కూడా చివరి కాలంలో తనంతట తానే సాధారణ వడ్డీకి మారిపోతుంది. అందుకే మిగతా తేదీలన్నిటికీ సరిపోయిన మీ చేతి లెక్క, ఆఖరి కూపన్ కాలంలో మాత్రమే పైసా తేడా చూపించవచ్చు.